బరువు తగ్గినా ఎల్‌డీఎల్ కదలలేదు: ఫ్యాటీ లివర్ ఉన్నవారు చెప్పగలరా?

వేకువనడక
నా వయసు 46. ఆరు నెలల క్రితం స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని తేలింది. అప్పుడు నా బరువు 84 కిలోలు, ఇప్పుడు 77.5. ట్రైగ్లిజరైడ్లు 286 నుంచి 158కి, కాలేయ ఎంజైమైన ఎస్‌జీపీటీ 68 నుంచి 34కి దిగాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34 నుంచి 38కి పెరిగింది. మొత్తం కొలెస్ట్రాల్ 212 నుంచి 190కి వచ్చింది. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 121 ఉండేది, 120 దగ్గర ఆగిపోయింది. ఇంత శ్రమపడినా అసలైన కొలెస్ట్రాల్ తగ్గలేదంటే నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

మైదానం
మీరు ఆహారంలో కొవ్వును ఇంకా పూర్తిగా మానలేదేమో చూసుకోండి. తిన్న కొవ్వే కాలేయంలో పేరుకుంటుంది, అదే రక్తంలోకి వస్తుంది. నేను నూనె దాదాపుగా మానేశాక నా ఎల్‌డీఎల్ బాగా తగ్గింది.

రక్తపరీక్ష
మైదానం గారి మాటలో కొంత నిజం ఉంది. ఘనరూపంలో ఉండే సంతృప్త కొవ్వులను తగ్గిస్తే చాలామందిలో ఎల్‌డీఎల్ తగ్గుతుంది. అయితే కాలేయంలో చేరే కొవ్వులో తిండి నుంచి నేరుగా వచ్చేది చిన్న భాగమే. ఎక్కువ భాగం మన ఒంట్లోని కొవ్వు కణజాలం నుంచే వస్తుంది. ఇన్సులిన్ మాట వినే శరీరంలో భోజనం తరువాత ఆ కణజాలం కొవ్వును విడుదల చేయడం ఆపుతుంది, ఆ మాట వినడం మానేసినప్పుడు విడుదల ఆగకుండా సాగి కాలేయానికి చేరుతూనే ఉంటుంది. దానికి తోడు, మిగిలిపోయిన చక్కెరను కూడా కాలేయం కొవ్వుగా మారుస్తుంది.

ఇలా నిండిపోయిన కాలేయం తన భారాన్ని వీఎల్‌డీఎల్ అనే రేణువులలో రక్తంలోకి పంపుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగేది అందువల్లనే. ఆ రేణువులు హెచ్‌డీఎల్‌తో కొవ్వును ఇచ్చిపుచ్చుకోవడం వల్ల హెచ్‌డీఎల్ త్వరగా తరిగిపోతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, దట్టంగా మారతాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవారి రిపోర్టులో ఎల్‌డీఎల్ సాధారణంగానే కనిపిస్తూ ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ చెడిపోయి ఉండటానికి కారణం ఇదే.

వేకువనడక గారూ, మీ మొదటి రిపోర్టులోని 121 బహుశా లెక్కకట్టిన అంకె. మొత్తం 212లోంచి హెచ్‌డీఎల్ 34నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతైన 57నూ తీసివేస్తే 121 వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను తక్కువ చేసి చూపుతుంది, కనుక అప్పటి అసలు విలువ ఇంకాస్త ఎక్కువే అయి ఉండవచ్చు. హెచ్‌డీఎల్ కాక మిగిలినదంతా కలిపి చూడండి: అప్పుడు 178, ఇప్పుడు 152. చెడు రేణువులన్నీ ఆ మొత్తంలోకి వస్తాయి కాబట్టి నేనైతే దానినే నమ్ముతాను. అపో-బి పరీక్ష చేయిస్తే రేణువుల సంఖ్య మరింత స్పష్టమవుతుంది.

కలువపూవు
నా అనుభవం ఇందుకు భిన్నం. నేను తిండి బాగా తగ్గించి రెండు నెలల్లో 14 కిలోలు తగ్గాను. ఆరో వారంలో చేసిన పరీక్షలో ఎస్‌జీపీటీ ముందుకన్నా పెరిగింది, ఆ తరువాత పిత్తాశయంలో రాళ్లు కూడా కనిపించాయి. బరువు తగ్గడమే హాని చేసిందా అని చాలా బాధపడ్డాను.

రక్తపరీక్ష
హాని ఆ వేగం వల్ల జరిగింది. వారానికి ఒకటిన్నర కిలోలకు మించి తగ్గేవారిలో రాళ్లు ఏర్పడే అవకాశం బాగా పెరుగుతుంది. వేగంగా తగ్గుతున్న రోజులలో ఎంజైములు, కొలెస్ట్రాల్ కొన్నిసార్లు తాత్కాలికంగా పెరుగుతాయి, హెచ్‌డీఎల్ తగ్గుతుంది. కాబట్టి బరువు కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చేసిన పరీక్షతోనే పోల్చుకోవాలి. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు తగ్గడం కనిపిస్తుంది, వాపు తగ్గాలంటే 7 నుంచి 10 శాతం కావాలి. వేకువనడక గారు దాదాపు 8 శాతం తగ్గారు.

మైదానం
ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంటే కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోకూడదని విన్నాను. అందుకే మా అన్నయ్య మాత్ర ఆపేశారు.

రక్తపరీక్ష
దయచేసి ఆయనను వైద్యుడితో మాట్లాడమని చెప్పండి. ఫ్యాటీ లివర్ వల్ల ఎంజైములు కొద్దిగా పెరిగినంత మాత్రాన స్టాటిన్ అనే ఆ మాత్ర ఆపనక్కరలేదు. సాధారణంగా గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటినప్పుడే పునరాలోచిస్తారు. ఈ రోగులలో మరణాలకు ప్రధాన కారణం గుండె జబ్బులే కనుక ఆ మాత్ర అవసరం మరింత ఎక్కువ.

నిదానం
నా బరువు 58 కిలోలు, ఎత్తుకు తగినట్టే ఉంది, అయినా ఫ్యాటీ లివర్ ఉంది. విచిత్రమేమిటంటే నా ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ రెండూ తక్కువగానే ఉన్నాయి. నేనూ బరువు తగ్గాలా?

రక్తపరీక్ష
కొందరిలో జన్యువుల కారణంగా కాలేయం కొవ్వును బయటికి సరిగా పంపలేదు, అటువంటివారిలో అది లోపలే నిలుస్తుంది, రక్తం మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. మీది అదేనని ఇక్కడినుంచి చెప్పలేను. మీ నడుము కొలత కొన్నేళ్లుగా పెరుగుతోందా?

నిదానం
పెరుగుతోంది, రెండు అంగుళాలు. ఎంత తగ్గితే చాలో నన్ను చూసే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా చెప్పారు.

వేకువనడక
నేను అపో-బి పరీక్షకు రాయించుకుంటాను. బరువు ఇదే దగ్గర రెండు నెలలు నిలిపాక ఆ రిపోర్టు ఇక్కడ పెడతాను.