మోకాళ్ల పొడి వేసుకున్న రెండో రోజుకే నొప్పి పోయింది, స్టెరాయిడ్ కలిపారంటారా?

శారద: అమ్మకి మోకాళ్ల నొప్పులకి తెలిసినాయన ఒక పొడి ఇస్తున్నాడు, పొట్లం మీద పేరూ లేదు ఏమీ లేదు. రెండో రోజుకే లేచి నడిచింది, మేమంతా సంబరపడ్డాం. ఇప్పుడు నాలుగు నెలలైంది, మొహం గుండ్రంగా ఉబ్బింది, చిన్నగా తగిలినా చెయ్యి కమిలిపోతోంది, ఎప్పుడూ లేని షుగర్ 240 వచ్చింది. అడిగితే అన్నీ మూలికలేనమ్మా అంటాడు.

మధు: ఇంకా ఆలోచిస్తున్నారా, ఇవాళే ఆపేసి ఆ పొడి పారేయండి.

సుజాత: మధుగారూ ఆ రెండూ చెయ్యకూడదండీ. నేను హాస్పిటల్ ఫార్మసీలో చేస్తాను, ఇలాంటివి చూశాను. బయటి నుంచి స్టెరాయిడ్ నెలల తరబడి వస్తుంటే ఒంట్లో అది తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి, ఉన్నట్టుండి ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి కూడా వస్తుంది. శారదగారూ, ఇవాళే పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తెలిసిన డోసులో మాత్ర ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. ఈలోపు కళ్లు తిరిగినా వాంతులైనా నేరుగా ఎమర్జెన్సీకే, స్టెరాయిడ్ అనుమానం అని ముందే చెప్పండి.

ఒంట్లో తయారయ్యే స్టెరాయిడే కార్టిసాల్, పొద్దున 8 గంటలకి దాని టెస్ట్ చేస్తారు. ఈ లక్షణాలుండి అది బాగా తక్కువొస్తే బయటి స్టెరాయిడ్ అనే అనుమానం గట్టిపడుతుంది. కానీ కలిపింది ప్రెడ్నిసోలోన్ అయితే కొన్ని టెస్టులు దాన్నే కార్టిసాల్ అనుకుని ఎక్కువ చూపిస్తాయి, అందుకని నార్మల్ వచ్చిందని ఊరుకోకండి.

మధు: పారేయమనడం తప్పే, ఒప్పుకుంటున్నా. మరి ల్యాబ్ రిపోర్ట్ ఉన్నది కొంటే భయం లేదుగా? నేను వాడేదానికి వెబ్‌సైట్‌లోనే పెట్టారు.

సుజాత: అందులో ఏం వెతికారో చూశారా? ఎక్కువగా సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం వరకే ఉంటుంది. ల్యాబ్ అడిగినదే వెతుకుతుంది, స్టెరాయిడ్ అడక్కపోతే ఉన్నా కనపడదు. మీ డబ్బా మీద బ్యాచ్ నంబరు, రిపోర్ట్‌లో నంబరు ఒకటేనా కూడా చూడండి, ఒక మంచి శాంపిల్ రిపోర్ట్‌నే ఏళ్ల తరబడి పెట్టేవాళ్లున్నారు.

రమణ: నాది స్టెరాయిడ్ కాదు, భస్మం. ఆరు నెలలు వాడాక కడుపులో మెలితిప్పే నొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గిపోయింది, ఎండోస్కోపీలో ఏమీ లేదు. ఒక డాక్టర్ ఏం మందులు వాడుతున్నావని అడిగి రక్తంలో సీసం చూపిస్తే 68 వచ్చింది. శుద్ధి చేశాక లోహం లోహంగా ఉండదన్నారు, అదెంతవరకు నిజం?

సుజాత: శుద్ధి చేస్తే రూపం మారొచ్చు రమణగారూ, సీసం మాయమవదు కదా. ఒంటికి ఎంత పడుతుందన్నది తయారీని బట్టి మారుతుంది, దాని మీద వాదనలున్నాయి. మీ 68 మాత్రం వాదన కాదు.

శారద: వెళ్లొచ్చాం. కార్టిసాల్ 1.2, మాత్ర మొదలుపెట్టి నెలల్లో తగ్గిస్తామన్నారు, పొడి ల్యాబ్‌కి పంపారు. మా మామయ్యగారు కూడా అదే పొడి రెండు వారాలుగా వేసుకుంటున్నారని ఇవాళే తెలిసింది, ఆయనైతే ఆపేయొచ్చా?

సుజాత: మూడు వారాల లోపైతే మామూలుగా గ్రంథులు అంతగా నిద్రపోవు, కానీ అందులో ఎంత కలిపారో తెలీదుగా. ఆయన్నీ అదే డాక్టర్‌కి చూపించండి, ఇంతకు ముందెప్పుడైనా వాడారేమో గట్టిగా అడగండి.