1.84 దగ్గర వచ్చిన తగాదా: యూనిట్లు కుదరకపోతే సూత్రం తప్పేనా?

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

నాచ్ అంటే నీటికి అడ్డంగా పెట్టిన రేకులో కోసిన గాడి, దాని మీంచి దూకే నీటిని కొలుస్తాం. ఆ ప్రయోగం రికార్డులో Q = 1.84 L H^(3/2) రాశాక యూనిట్లు సరిచూశాను. Q సెకనుకి పోయే నీరు, L నాచ్ వెడల్పు, H నాచ్ అంచు మీద నీటి లోతు. ఎడమవైపు సెకనుకి ఘనపు మీటర్లు, కుడివైపు మీటరు పవర్ రెండున్నర. సెకను ఎక్కడా లేదు. "కాబట్టి సూత్రం తప్పు" అని రాస్తే మా మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి, "ప్రయోగంలోంచి వచ్చిన సూత్రాలకి యూనిట్లు చూడకూడదు" అన్నారు. తప్పు ఎవరిదండీ?

రామచంద్రపురం ట్యూషన్

మీ మాస్టారిదే రైటు బాబూ. డైమెన్షన్లు చూడ్డం అనేది సిద్ధాంతంలోంచి దిగిన సూత్రాలకి. ఇది ఎవరో నీళ్లు కొలిచి, గ్రాఫు గీసి, గీతకి సరిపడా అంకె వేసింది. కాలవలో నీటి వేగం కట్టే మానింగ్ సూత్రమూ అంతే, దాంట్లోనూ యూనిట్లు కుదరవు. అయినా కాలవలన్నీ దాంతోనే తవ్వుతున్నారు కదా. పరీక్షలో ఇలాంటివి కెలక్కు, మార్కులు పోతాయి.

పాత ఓవర్సీరు

ఇద్దరిదీ తప్పేనండి, కాకపోతే కుర్రాడిది మంచి తప్పు.

ప్రయోగంలోంచి వచ్చినా, ఆకాశంలోంచి ఊడిపడినా, రెండువైపులా ఒకటే రకం రాశి ఉండాల్సిందే. దీనికి మినహాయింపు లేదు. 1.84ని ఉత్త అంకె అనుకోవడంతోనే తిరకాసు మొదలైంది. నాచ్ మీంచి దూకే నీటికి లోతుని బట్టి వేగం sqrt(2gh) అనుకుని, పైనుంచి కిందదాకా పొరలు పొరలుగా కూడితే ఇది వస్తుంది:

```
Q = (2/3) Cd sqrt(2g) L H^(3/2)
```

Cd అంటే లెక్క ప్రకారం పోవాల్సిన నీటిలో నిజంగా పోయేది ఎంత వంతో చెప్పే అంకె. ఇందులో g ఉంది, సెకను దాంట్లో ఉంది. 9.81 వేసి (2/3) sqrt(2g) కడితే 2.95. దాన్ని Cd 0.623తో గుణిస్తే 1.84. అంటే 1.84 కడుపులో మీటరు వర్గమూలం బై సెకను దాక్కుని ఉంది. అది కలిపి చూడు, కుడివైపూ ఘనపు మీటర్లు పర్ సెకనే.

ఇది అమెరికాలో లోవెల్ ఊరి మిల్లు కాలవల దగ్గర జేమ్స్ ఫ్రాన్సిస్ కొలిచి తేల్చిన అంకె. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే, 1850ల మొదట్లో. ఆయన కొలిచింది అడుగుల్లో, అందుకని ఆయన సూత్రంలో 3.33 ఉంటుంది. అడుగు 0.3048 మీటరు కదా, దాని వర్గమూలం 0.552. 3.33ని దాంతో గుణించండి, 1.84 వస్తుంది. ఉత్త అంకే అయితే అడుగుల్నించి మీటర్లకి వచ్చేసరికి ఎందుకు మారాలి? నిజమైన ఉత్త అంకె Cd. అది అడుగుల్లోనూ 0.62, మీటర్లలోనూ 0.62.

నా సొంత బాధ కూడా చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లకాలవ మొదట్లో ఇనప రేకు నాచ్ పెట్టాం. వెడల్పు రెండు మీటర్లు. గేజి బిళ్ల మీద గుర్తులు మాత్రం పాత అడుగులవి. ఓ రోజు నీరు 0.98 అడుగు, అంటే సుమారు 0.3 మీటరు. నేను వెడల్పుని కూడా బుద్ధిగా 6.56 అడుగులు చేసుకున్నాను, చేతిపుస్తకంలో ఉన్న 1.84 వేశాను. 11.7 వచ్చింది, పక్కన క్యూసెక్కులు అని రాసి పంపేశాను. వెళ్తున్నది నిజానికి 21.2. నీరు సగమే పోతోందని పైవాళ్లు తూము ఇంకా ఎత్తించారు, కింద పల్లపు చేలల్లో నాట్లు నీటమునిగాయి. ఆ 1.84 పక్కన యూనిటు రాసి ఉంటే అడుగులు వేసేటప్పుడే చెయ్యి ఆగేది.

భీమవరం చెరువులు

యూనిట్లంటే గుర్తొచ్చిందండి. మా రొయ్యల చెరువులో ఏరేటరు మోటార్లు రాత్రంతా తిరుగుతాయి. 5 హెచ్‌పీ మోటారు గంటకి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో ఎవరైనా చెప్తారా? మీటరు తిరిగే తీరు చూస్తే అనుమానంగా ఉంది.

పాలకొల్లు ఫిజిక్స్

అవి కరెంటు యూనిట్లండీ, ఇక్కడ గొడవ వేరు. మీ అనుమానం మాత్రం సులువే. 5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు, గంటకి 3.73 యూనిట్లు. మోటారులో పోయే నష్టం కూడా కలిపితే నాలుగు దాటొచ్చు. దానికి మించి చాలా ఎక్కువ తిరుగుతుంటే అప్పుడు మీటరు మాట అడగండి.

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

ఓవర్సీరు గారూ, అర్థమైందండి. కానీ ఇంకో చిక్కు వచ్చింది. సూత్రం మర్చిపోతే యూనిట్లతోనే కట్టెయ్యొచ్చు కదా అని రాత్రి కూర్చున్నాను. g, L, H ఉన్నాయి, Q కావాలి. సెకను కోసం g కి వర్గమూలం వచ్చి తీరుతుంది, అంతవరకు బాగుంది. ఆ తర్వాత L కీ H కీ కలిపి రెండున్నర పవర్ మిగిలింది. అది ఎలా పంచాలో తెలియలేదు. L H^(3/2) వేసినా కుదురుతోంది, L^2 H^(1/2) వేసినా కుదురుతోంది. రెంటికీ యూనిట్లు ఒకటే!

రామచంద్రపురం ట్యూషన్

చూశారా, నేను చెప్పింది ఇదే. కుదిరినా రైటని చెప్పలేం, కుదరకపోయినా తప్పని చెప్పలేం. ఇంక ఎందుకండి ఈ పరీక్ష?

పాలకొల్లు ఫిజిక్స్

మొదటి సగం ఒప్పుకుంటాను మాస్టారూ, రెండోది ఒప్పుకోను. కుదరకపోతే ఎక్కడో ఏదో దాగుందన్నా కావాలి, తప్పన్నా కావాలి. కుర్రాడికి దొరికింది దాగినదే.

L, H పంపకం సంగతికొస్తే, వెడల్పూ మీటరే, లోతూ మీటరే, యూనిట్లకి ఆ రెండూ ఒకటే. నీళ్లకి కాదు. పక్కపక్కన ఒకే లోతులో రెండు నాచ్‌లు పెడితే రెట్టింపు నీరు పోతుంది. వాటి మధ్య రేకు తీసేస్తే అది రెండింతల వెడల్పున్న ఒకే నాచ్. కాబట్టి L పవర్ ఒకటి, మిగతా ఒకటిన్నర H కి పోయింది. ఇది యూనిట్లు చెప్పిన మాట కాదు, బొమ్మ గీసుకుని చూస్తే తెలిసే మాట.

కొందరు దీన్నే ఇంకోలా చేస్తారు. మూడు దిక్కుల పొడవులకీ మూడు వేరువేరు మితులు ఇస్తారు. చేసి చూడు, కుదరదు. నీరు పారే దిక్కున ఒక పొడవు Q లో ఉంటుంది, g, L, H మూడింట్లోనూ ఆ దిక్కు లేదు. నిలువునీ పారే దిక్కునీ కలిపేసి, అడ్డాన్ని మాత్రం విడిగా ఉంచితే L ఒకటి, H ఒకటిన్నర చక్కగా వస్తాయి.

రామచంద్రపురం ట్యూషన్

అమ్మా, జవాబు ముందే తెలుసు కాబట్టి కలిపారు. తెలియని కుర్రాడు ఏది కలపాలో ఎలా తేల్చుకుంటాడు?

పాలకొల్లు ఫిజిక్స్

ఆ మాట కొంతవరకు నిజమేనండి. నా సమాధానం ఏమిటంటే, కిందికి పడాల్సిన బరువుని నీటి పీడనం ముందుకి తోపుగా మారుస్తుంది, ఆ రెండు దిక్కులూ అక్కడ కలిసిపోయాయి. అడ్డంగా కదలిక లేదు కాబట్టి అది విడిగా ఉండొచ్చు. ఇది తోచాలంటే ప్రవాహం గురించి ముందే కొంత తెలిసి ఉండాలి. అది మోసమో తెలివో మీరే అనుకోండి.

పాత ఓవర్సీరు

అడ్డంగా కదలిక లేదన్నారు, అక్కడ నేనొక మేకు కొడతాను. నాచ్ కాలవ కన్నా ఇరుగ్గా ఉంటే రెండు చివర్లా నీరు పక్కనుంచి వంగి వస్తుంది. ధార నడుము సన్నబడుతుంది. దానికే ఫ్రాన్సిస్ L బదులు L − 0.1nH వేశాడు, n అంటే అలా వంగే చివర్లు ఎన్నని. అక్కడ అడ్డమూ నిలువూ కలిసిపోయినట్టేగా! అయినా యూనిట్లు చెడలేదు, మీటర్లలోంచి మీటర్లు తీశాం.

అసలు భయపడాల్సింది యూనిట్లు బాగానే ఉండి తప్పయ్యేవాటికి. పల్చటి రేకు మీద 1.84. వెడల్పాటి కాంక్రీటు అంచు మీద 1.705. సూత్రం రూపం అదే, యూనిట్లూ అవే. ఇక మన డెల్టాలో వాలు తక్కువ. కింద తూము మూస్తే నీరు ఎగదన్ని నాచ్ అంచు కన్నా పైకి వస్తుంది. అప్పుడు ఈ సూత్రం వేస్తే పోనంత నీరు పోయిందని చూపిస్తుంది. కాగితం మీద ఒక్క యూనిటు కూడా చెడదు. కాలవ గట్టు మీద నిలబడి కిందవైపు చూస్తేనే తెలుస్తుంది.

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

అయ్యో, అయితే మాది అదేనేమో. మా ల్యాబ్‌లో నీళ్లు తొట్టిలో పట్టి కొలిస్తే 1.84 బదులు 1.74 వచ్చింది. నాచ్ వెడల్పు 20 సెంటీమీటర్లు, నీరు 6 సెంటీమీటర్లు. రేకు అంచు కొంచెం అరిగి మందంగా ఉంది. 1.705కి దగ్గరగా ఉంది కదండీ?

పాత ఓవర్సీరు

తొందరపడకు. నాచ్ తొట్టి కన్నా ఇరుకేనా?

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

ఆయ్, ఇరుకేనండి. రెండు పక్కలా ఖాళీ ఉంది.

పాత ఓవర్సీరు

మరి రెండు చివర్లు. 0.20 లోంచి 0.2 × 0.06 తీసెయ్యి, 0.188 మిగిలింది. 1.84ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 1.73. నీ 1.74కి అరిగిన అంచు కారణం కానక్కర్లేదు.

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

రెండు కారణాలూ దాదాపు ఒకే అంకెకి తెస్తున్నాయి. ఏదో ఎలా తేల్చడం?

పాలకొల్లు ఫిజిక్స్

నీరు 3 సెంటీమీటర్లకి దించి మళ్లీ కొలువు. చివర్ల వల్లే అయితే అంకె 1.785 దగ్గరికి పెరగాలి. అంచు మందం వల్లయితే అలా ఎక్కడానికి కారణం లేదు.

పాత ఓవర్సీరు

ఆలోచన బాగుందమ్మా, కానీ స్కేలుతో కొలిస్తే పనికిరాదు. మూడు సెంటీమీటర్ల మీద ఒక మిల్లీమీటరు తప్పితే Q లో అయిదు శాతం పోతుంది. మీరు వెతికే తేడా మూడు శాతం. నీటిమట్టం ఇంకా సన్నగా కొలిచే హుక్ గేజి ఉందా బాబూ?

అమలాపురం పాలిటెక్నిక్ (సెకండియర్)

బీరువాలో ఉందండి. తాళం మాస్టారి దగ్గర. సోమవారం అడుగుతాను, రికార్డు విషయం మాట్లాడాల్సి ఉంది కూడా.

రామచంద్రపురం ట్యూషన్

ముందు గేజి అడుగు, రికార్డు మాట తర్వాత.