పిల్లి కంబళిని పిసకడం: తల్లి మీద బెంగా, ఉత్త అలవాటా?

ప్రొద్దుటూరు కోడలు: మా పిల్లికి రెండేళ్లు. రాత్రి కంబళి కప్పుకుంటే చాలు, ఒళ్లోకెక్కి ముందు కాళ్లతో చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతుంది. తల్లికి త్వరగా దూరమైన పిల్లులే ఇలా చేస్తాయని మా ఆయన అంటాడు. నిజమేనా?

బురుజు కాడ: మీ ఆయన చెప్పింది నిజమే అక్కా. మాది కొండారెడ్డి బురుజు దగ్గర మూడు వారాల కూనగా దొరికింది. సిరంజితో పాలు పట్టి పెంచాం. ఇప్పుడు ఐదేళ్లు. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని చీకుతూ పిసుకుతుంది. పాల బెంగ తీరలేదు పాపం.

అనంత మిద్దె: ఒప్పుకోను. మా పిల్లి మా మిద్దె మీదే పుట్టింది, మూడు నెలలు తల్లి పాలు తాగింది. తల్లి ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. పిల్లా పిసుకుతుంది, తల్లీ పిసుకుతుంది. వీటికేం బెంగ?

ధర్మవరం మేకలాయన: మీరిద్దరూ చూసింది నిజమే, కాని రెండు వేరే పనులను ఒకటిగా కలిపేశారు.

మేకపిల్ల పాలు తాగేటప్పుడు చూశారా? మధ్యమధ్యలో పొదుగును తలతో కుమ్ముతుంది. తల్లి చేపడానికి చేసే పని అది. పిల్లికూన అదే పనిని కాళ్లతో చేస్తుంది. కళ్లు కూడా తెరవకముందే చన్నుకు అటొక కాలు, ఇటొక కాలు పెట్టి మార్చి మార్చి నొక్కుతుంది. ఆ నొక్కుడుకూ చీకుడుకూ తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి. ఆవుకైనా మనిషికైనా ఇదే హార్మోను. అంటే పిసకడం ప్రతి కూనకూ పుట్టుకతో వచ్చేదే, త్వరగా పాలు మానిన దానికి మాత్రమే కాదు. పెద్దయ్యాక మెత్తగా, వెచ్చగా, కాస్త నూగుగా ఉన్న గుడ్డ కాళ్లకు తగిలితే ఆ పాత పని మళ్లీ మొదలవుతుంది. గురగుర కూడా పాలు తాగే రోజుల నుంచే ఉంటుంది కాబట్టి వెంటే వస్తుంది. మన చేతి తిండి తింటూ పెరిగే ఇంటి పిల్లిలో పసితనం కొంత మిగిలిపోతుందని చాలామంది ఒప్పుకునే మాట.

గుడ్డ చీకడం వేరు. సాధారణంగా కూనలు నాలుగో వారంలో తిండి రుచి చూడటం మొదలుపెట్టి, ఎనిమిదో వారానికి దాదాపు పాలు మానేస్తాయి. అంతకన్నా బాగా ముందే తల్లిని వదిలిన వాటిలో చీకుడు ఎక్కువ కనిపిస్తుంది. సియామీ జాతిలోనూ అంతే. బురుజు తమ్ముడి లెక్క చీకుడుకు సరిపోతుంది, పిసుకుడుకు కాదు.

ఆదోని చిన్ని: మా ఆడపిల్లి కూడా నాలుగు రోజులుగా తొక్కుతోంది అన్నా. రాత్రంతా ఒకటే అరుపు. వీపు నిమిరితే వెనక భాగం పైకెత్తుతుంది. దానికీ తల్లి గుర్తొస్తోందా?

ధర్మవరం మేకలాయన: తొక్కేది వెనక కాళ్లతోనా? అయితే తల్లి కాదమ్మా గుర్తొస్తోంది! ఎదకొచ్చింది. కూనలు వద్దనుకుంటే పశువుల డాక్టర్ని ఆపరేషన్ గురించి అడుగు, అంతవరకు తలుపులు వేసి ఉంచు.

తుంగభద్ర గట్టు: పాల సంగతి సరే. పిల్లి పాదాల్లో వాసన గ్రంథులు ఉన్నాయి కదా? 'ఈ కంబళి నాది' అని గుర్తు వేసుకోవడమే ఇదంతా అంటాను.

ధర్మవరం మేకలాయన: గ్రంథులున్న మాట నిజం, గోళ్లతో చెక్క గీకినప్పుడు వాసన అంటుతుంది. కాని హద్దు గుర్తే అయితే గుమ్మం దగ్గరా, కొత్త సామాను మీదా పిసకాలి. రోజూ పడుకునే కంబళి మీదే, అదీ కళ్లు మూసుకుని ఎందుకు?

తుంగభద్ర గట్టు: రోజూ పడుకునేదాన్నే గట్టిగా 'నాది' అనుకుంటుంది. పాల కోసం పుట్టిన పని, పెద్దయ్యాక గుర్తుకూ పనికొచ్చి ఉండొచ్చుగా?

ధర్మవరం మేకలాయన: ఉండొచ్చు. కాదని తేల్చే దారి నా దగ్గర లేదు. అడవిలో గడ్డి అణచి పడక చేసుకున్న అలవాటనే మాటైతే నాకు ఉత్త ఊహలాగే ఉంది.

ప్రొద్దుటూరు కోడలు: నిన్న రాత్రి లైటు వేసి చూశాను. కంబళి మూల తడిగా ఉంది, నాలుగు వేళ్ల మేర ఉన్ని లేదు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

ధర్మవరం మేకలాయన: పిసికితే వదిలేయొచ్చు, మింగితే కుదరదు. పోగులు పేగులో ఉండ కడతాయి. కంబళి తీసేసి నున్నటి దుప్పటి వేసి చూడమ్మా. వాంతులు, తిండి మానేయడం, దొడ్డికి రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లు. నోట్లోంచో వెనక నుంచో పోగు వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగు తెగుతుంది.

ప్రొద్దుటూరు కోడలు: తిండి బాగానే తింటోంది, పొద్దున దొడ్డికీ వెళ్లింది. కంబళి బీరువాలో పెట్టేశాను. ఇప్పుడు బీరువా ముందు కూర్చుని అరుస్తోంది.