అప్‌డేట్: అలెండ్రోనేట్ వాడే పేషెంట్‌కి పన్ను తీయడం

నా ప్రశ్న: "68 ఏళ్ల ఆవిడ, ఎముకలు గుల్లబారకుండా ఆరేళ్లుగా వారానికి 70 మి.గ్రా. అలెండ్రోనేట్. కింది దవడ పన్ను వేరు నిలువునా చీలింది. మందు ఆపి తీయాలా?"

అప్‌డేట్: ఆపలేదు. ఈ మందు వాడేవాళ్లకి పన్ను తీసిన చోట దవడ ఎముక చచ్చిపోయే ముప్పు, అంటే ఆస్టియోనెక్రోసిస్ ముప్పు ఉంది. కానీ మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రెండు నెలలు ఆపితే దవడకు మేలని తేలలేదు.

0.2% క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపు, అమాక్సిసిలిన్ ముందే మొదలయ్యాయి. వేర్లు విడదీసి ఒక్కొక్కటే తీశాం. అసలు పని ఆ తర్వాతే: వాడిగా మిగిలిన ఎముక అంచులు నున్నగా చేయాలి, లేకపోతే పల్చటి చిగురు వాటిమీద చిరిగి ఎముక బయటపడుతుంది. చిగురు బిగుసుకోకుండా కుట్లు వేశాం.

ఎనిమిదో వారంలో పూర్తిగా మూసుకుంది, ప్రోబ్‌కి ఎముక తగల్లేదు. రేడియేషన్ తీసుకోని దవడలో అప్పటికీ తగులుతుంటే ఆస్టియోనెక్రోసిస్ కిందే లెక్క.

క్యాన్సర్‌కి నరంలోకి ఇదే రకం మందైన జోలెడ్రోనేట్ ఎక్కించుకునేవాళ్లకి ముప్పు చాలా ఎక్కువ. అక్కడ వీలైతే రూట్ కెనాల్ చేసి, పైభాగం కోసేసి వేరు వదిలేయడమే నయం.