ఉల్లంబనలో తలకిందులు ఎక్కడుంది?

చినుకు: సింగపూర్‌లో మా వీధి చివర ఏడో నెల పూజలకు పందిరి వేశారు. పెద్దలకు అన్నం పెట్టే పండుగ. పక్కన ఉన్న బౌద్ధ ఆలయంలో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో ఈ పండుగకు ఆధారమైన యు-లాన్-పెన్ సూత్రం పేరు సంస్కృతంలో "ఉల్లంబన" అనీ, "తలకిందులుగా వేలాడటం" దాని అర్థమనీ ఉంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఉన్న తల్లికి అన్నం పెట్టబోతే ముద్ద నోటికి చేరకముందే నిప్పు కావడం, అదే కథ. ఇదివరకు ఒక తెలుగు వ్యాసంలో కూడా "ఉల్లంబనమనగా తలక్రిందుల వ్రేలాట" అన్న వాక్యం చదివినట్టు లీలగా గుర్తు. కానీ ఉత్ అంటే పైకి కదా! లంబ్ అంటే వేలాడటం. మరి తలకిందులు ఎక్కడి నుంచి వచ్చింది? రెండు రోజులుగా ఇదే తొలుస్తోంది.

కొత్త సభ్యుడు: ఉల్లంఘన అయి ఉంటుందండీ. పెద్దలకు పెట్టాల్సినది పెట్టకపోతే ధర్మాన్ని ఉల్లంఘించినట్టే కదా. చైనావాళ్ళ నోట "ఘ" "బ"గా మారి ఉంటుంది.

తెనాలి మాస్టారు: కాదు నాయనా, "ఘ" అంత తేలిగ్గా "బ" కాదు. అమ్మా చినుకూ, ఆదిపర్వంలో జరత్కారువు కథ ఒకసారి తలుచుకోండి. సంతానం లేని జరత్కారువు తిరుగుతూ తిరుగుతూ ఒక గోతిలో వేలాడుతున్న పితరులను చూస్తాడు. వాళ్ళు పట్టుకున్నది ఒక్క వట్టివేరు దుబ్బు, దాని వేళ్ళను ఎలుక కొరికేస్తోంది. కొడుకు లేకపోతే పితృదేవతల గతి అది. నన్నయగారు ఆ ఘట్టం నడిపిన తీరు ఎన్నిసార్లు చదివినా గుండె పట్టేస్తుంది. మౌద్గల్యాయనుడి తల్లి కథా అదే కోవలోది. ఉల్లంబన అంటే పితరుల ఆ వేలాట. హ్యూయెన్‌త్సాంగే అలా రాశాడు.

పాళీ పుట: మాస్టారూ, అది హ్యూయెన్‌త్సాంగ్ కాదండి, అదే ఏడో శతాబ్దంలో ఉన్న షువాన్‌యింగ్. పేర్లు దగ్గరగా ఉంటాయి. ఈయన బౌద్ధ గ్రంథాల్లోని కష్టమైన మాటలకు ఉచ్చారణ, అర్థం చెప్పే నిఘంటువు చేశాడు. "యు-లాన్-పెన్ అన్నది తప్పు పలుకుబడి, సరైన రూపం ఉ-లామ్-బ-నా, అంటే తలకిందుల వేలాట" అని అందులో రాశాడు. మీ కథ మూలం నేనూ చూశాను. అక్కడ "లంబమానాన్" ఒక మాట, "అధోముఖాన్" వేరే మాట. లంబ్‌లోనే తలకిందులు ఉంటే అధోముఖాన్ అని విడిగా చెప్పక్కర్లేదు. చినుకుగారి అనుమానం సరైనదే.

తెనాలి మాస్టారు: షువాన్‌యింగ్ అన్నమాట ఒప్పుకుంటున్నాను. కానీ పదమూడు వందల ఏళ్ళ కిందటి పండితుడు, రోజూ సంస్కృతంతో పనిచేసినవాడు. ఆయనను కాదనడానికి మనకేం ఆధారం ఉంది?

పాళీ పుట: ఆయన వాక్యంలోనే ఉంది. సూత్రం పేరులో రెండో అక్షరం "లాన్", చివర న్. ఆయన దిద్దిన రూపంలో రెండో అక్షరం "లామ్", చివర మ్. అవి రెండు వేర్వేరు చైనా అక్షరాలు. ఉల్లంబన కుదరాలంటే ఉన్న అక్షరం తీసి వేరేది పెట్టాల్సి వచ్చింది. మనం తెలుగులో "ఉల్లంబన" అని సున్నా పెట్టి రాస్తాం కాబట్టి ఈ తేడా కంటికి కనబడదు. ఆ సున్నా బకారం ముందు మ్‌గా, తకారం ముందు న్‌గా తనంతట తనే సర్దుకుంటుంది. చైనా లిపిలో అలాంటి సున్నా లేదు. రాసేవాడు న్ కావాలో మ్ కావాలో తేల్చుకునే అక్షరం ఎంచుకోవాలి.

చినుకు: ఇప్పటి మాండరిన్‌లో రెండూ "లాన్" అనే వినబడుతున్నాయి కదండీ?

పాళీ పుట: అందుకే ఇప్పటి మాండరిన్ పట్టుకుని వెనక్కి నడవకూడదు. అందులో చివరి మ్ అంతా న్‌లో కలిసిపోయింది. కాంటనీస్ మాట్లాడేవారు మీకు తెలిస్తే ఆ రెండు అక్షరాలూ చూపించి చదివించండి.

చినుకు: మా ఆఫీసులో ఒకావిడ హాంకాంగ్ నుంచి వచ్చారు. ఇప్పుడే కాగితం మీద రెండూ రాసి చూపించాను. సూత్రంలోదాన్ని "లాన్" అని నాలుక పళ్ళ వెనక ఆనించి పలికారు. షువాన్‌యింగ్‌దాన్ని "లామ్" అని పెదవులు మూసి పలికారు. నేను రెండూ ఒకటేనా అని అడిగితే ఆశ్చర్యపోయి, రెండోది నీలం రంగు, మొదటిది పూలమొక్క పేరు, ఎలా ఒకటవుతాయి అన్నారు! ఆవిడ పెదవులు చూస్తుంటేనే తేడా తెలిసిపోయింది.

వంశధార: ఇక్కడ జపాన్‌లో ఈ పండుగను ఓబోన్ అంటారు. పూర్తి పేరు ఉరబోన్. మా ఇంటివాళ్ళు ఏటా ఆగస్టులో ఊరికి వెళ్ళి సమాధులు కడిగి వస్తారు. నేనూ ఒక ఏడు వెళ్ళాను. అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు, "బోన్" అంటే పళ్ళెం కదా అన్నారు.

తెనాలి మాస్టారు: బకారం ముందు నకారం మకారం కావడం చాలా భాషల్లో జరిగేదే. లాన్ తర్వాత "బన్" వస్తే వేగంగా పలికేటప్పుడు "లామ్‌బన్" అనే వస్తుంది. ఆ మాత్రానికి ఉల్లంబనను తోసేయలేం.

పాళీ పుట: నోట్లో అలా మారవచ్చు. చేత్తో రాసేటప్పుడు జాగ్రత్తపడేవారు. జంబూద్వీపం తీసుకోండి. అక్కడ "జం"కు పెట్టిన అక్షరం చివర మ్ ఉన్నదే. తర్వాత బకారం వస్తుందని తెలిసే పెట్టారు.

తెనాలి మాస్టారు: మరి బౌద్ధుల భూతగణం పేరు కుంభాండం? దానికి చైనాలో రాసిన అక్షరాలు పాత పలుకులో "కు-బన్-ద". అక్కడ "కుం"లో మ్ ఏమైంది? పూర్తిగా వదిలేశారు. ఒక్క జంబూద్వీపం చూపించి నియమం అంటే ఎలా?

పాళీ పుట: ఇది మంచి దెబ్బ మాస్టారూ. కుంభాండానికి నా దగ్గర సమాధానం లేదు. అనువాదకుడు మారితే పద్ధతీ మారుతుంది. ఈ సూత్రాన్ని మూడో శతాబ్దపు అనువాదకుడు ధర్మరక్షుడికి అంటగడతారు, ఆ మాటకు బలం తక్కువ. సంస్కృత మూలం దొరకలేదు కాబట్టి పక్కన పెట్టి పోల్చుకునే అవకాశమూ లేదు. అందుకే నేను అక్షరం వదిలి వాక్యం చూస్తాను. సూత్రంలో బుద్ధుడు చెప్పేదేమిటంటే, భిక్షువులు వానాకాలం ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసి, తమ తప్పులు చెప్పమని ఒకరినొకరు అడిగే ప్రవారణ జరిగే రోజున, అంటే ఏడో నెల పదిహేనున, నూరు రుచుల అన్నపానాలు "యు-లాన్-పెన్‌లో ఉంచి" పది దిక్కుల భిక్షువులకు సమర్పించమని. తలకిందుల వేలాటలో అన్నం ఎలా ఉంచుతారు?

కొండపల్లి బొమ్మ: నేను సంస్కృతం చదవలేదు, వంట మాత్రం చేస్తాను. అన్నం ఉంచారంటే అది గిన్నెయో పళ్ళెమో అయి ఉండాలి. వంశధారగారి ఇంట్లోవాళ్ళు పళ్ళెం అన్నది అదేనేమో.

పాళీ పుట: అక్కా, మీరన్నదే అసలు సంగతి. "పెన్" అచ్చమైన చైనా మాట, లోతైన పెద్ద గిన్నె. తొమ్మిదో శతాబ్దంలో చైనా బౌద్ధ పండితుడు త్సుంగ్‌మి తన వ్యాఖ్యలో ఈ మాట చెప్పనే చెప్పాడు: యు-లాన్ పడమటి దేశపు మాట, పెన్ మన చైనా మాట, పాత్ర. ఇదే సూత్రానికి ఇంకో చిన్న పాఠం ఉంది. దాని పేరులో యు-లాన్ లేదు. "ఋణం తీర్చుకోవడానికి పెన్ సమర్పించే సూత్రం" అని ఉంది. కాబట్టి "బన"ను సంస్కృతంలో వెతకడమే పొరపాటు. వెతకాల్సింది "యు-లాన్" ఒక్కటే. ఇంకో చిత్రం చూడండి. యు, పెన్ అక్షరాలు రెండింటికీ అడుగున పాత్ర గుర్తు ఉంటుంది. మొదటి అక్షరానికి విడిగా గిన్నె అనే అర్థం ఉంది.

చినుకు: ఉంది, ఉంది! పుస్తకం అట్ట మీద ఇప్పుడు చూశాను. మొదటిదానికీ చివరిదానికీ కింద ఒకే రకం పీట లాంటిది ఉంది. నడిమిదానికి లేదు. మరి యు-లాన్ అంటే ఏమిటి?

పాళీ పుట: కరాషిమా సేయిషి అనే జపాన్ పండితుడు 2013లో రాసినది నాకు బాగా నచ్చింది. ఆయన లెక్కలో యు-లాన్ వెనక ఉన్నది "ఓదన", అన్నం. జనం నోట అది "ఓలన" అయింది, చైనాలో యు-లాన్ అయింది. యు-లాన్-పెన్ అంటే ప్రవారణ నాడు భిక్షువులకిచ్చే అన్నపు గిన్నె.

కొండపల్లి బొమ్మ: ఓదనమా! మా అమ్మ ప్రతి శనివారం గుడికి పంపే దద్దోజనం దధ్యోదనమేనని మా తాతయ్య చెప్పేవారు. పెరుగన్నం చల్లారాక ఇంగువ తాలింపు వేసి, అల్లం ముక్కలు కలిపి, కంచు గిన్నెలో మూతపెట్టి పంపేది. ఆ గిన్నెను మేం "దద్దోజనం గిన్నె" అనే పిలిచేవాళ్ళం. దాన్ని ఇంక దేనికీ వాడనిచ్చేది కాదు.

తెనాలి మాస్టారు: చూశారా, మన నోట్లోనే ఓదనం "ఓజనం" అయింది. భోజనం మాట దాన్ని లాక్కుపోయిందని నా అభిప్రాయం. కాబట్టి ఓదనం ఓలనం కావడం నాకు అసాధ్యంగా తోచదు. ప్రాకృతంలో దోహదం "దోహల" అవుతుంది. మరాఠీవాళ్ళు గర్భిణి కోరికలను ఇప్పటికీ "డోహాళే" అంటారు. మనం మాత్రం దోహదాన్ని "తోడ్పాటు" చేసి కూర్చున్నాం. ప్రతి వార్తలోనూ "అభివృద్ధికి దోహదం" అని రాస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. సుందరి కాలు తాకితే అశోకం పూయడం, అది దోహదం! వసుచరిత్ర చదివినవాడు ఆ మాటను అలా వాడగలడా?

వంశధార: మాస్టారూ, శుద్ధోదనుడి పేరులోనూ ఓదనమే కదా? ఆయన తమ్ముళ్ళవీ శుక్లోదనుడు, అమృతోదనుడు. ఇంటిల్లిపాదీ అన్నం పేర్లే.

తెనాలి మాస్టారు: భేష్! చైనాలో ఆయనను "శుద్ధమైన అన్నపు రాజు" అనే అర్థం వచ్చేలా అనువదించారు.

పాళీ పుట: అర్థంతో ఒకటి, శబ్దంతో ఒకటి, రెండూ ఉన్నాయి. వంశధారగారూ, మీరు కరాషిమా వాదానికి బలమిస్తున్నామని అనుకుని ఉంటారు, కానీ ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. శుద్ధోదనుడి పేరు శబ్దంతో రాసినప్పుడు "షు-తౌ-తాన్" అన్నారు. ఆ చివరి అక్షరం పాత పలుకులో "దాన్". దకారం దకారంగానే ఉంది, లకారం కాలేదు. ఒకచోట "దన" దాన్‌గా, ఇంకోచోట లాన్‌గా ఎందుకొచ్చింది? రాజుల పేర్లు శిష్టుల ఉచ్చారణలో నిలిచి, వంటింటి మాట జనం ఉచ్చారణలో మారిందని చెప్పుకోవచ్చు. కానీ "ఓలన" అన్నది పోలికల మీద కట్టిన రూపం.

కొత్త సభ్యుడు: క్షమించండి, మొదట తొందరపడ్డాను. అయితే ప్రవారణలోని "రణ"యే లాన్ అయి ఉండకూడదా? చైనాలో ర, ల ఒకటే అంటారు కదా.

పాళీ పుట: ర, ల సంగతి మీరన్నది నిజం. అరణ్యం రాసేటప్పుడు "రణ్" కోసం ఈ లాన్ అక్షరమే వాడారు. కానీ "ప్రవా"కు యు సరిపోదు. పైగా ఈ సూత్రంలో ప్రవారణను అర్థంతో అనువదించారు, శబ్దంతో కాదు. ఒకే పేజీలో రెండు పద్ధతులు ఎందుకు పెడతారు?

తెనాలి మాస్టారు: నాకొకటి తట్టింది. పాళీలో భిక్షువు కావాలనుకునేవాడు "ఉల్లుంపతు మం" అంటాడు, "సంఘం నన్ను పైకి ఎత్తుగాక" అని. తల్లిని ప్రేతలోకం నుంచి పైకి ఎత్తడమే కదా ఈ కథ! ఉల్లుంపన అయితే?

పాళీ పుట: ఆ ఊహ ఇదివరకే కొందరు చేశారు మాస్టారూ. అర్థం ఎంతో అందంగా కుదురుతుంది. కానీ మళ్ళీ మకారం దగ్గరికే వచ్చాం, లుం కావాలంటే లామ్ లాంటి అక్షరమే కావాలి. గిన్నెలో అన్నం సంగతీ అలాగే మిగులుతుంది.

చినుకు: మరి మొదటి అక్షరం? ఉపాసకుడిలో "ఉ"కు వాడేది ఇది కాదని మా ఆఫీసు ఆవిడ అంటున్నారు. ఓదనంలోని "ఓ"కు ఈ "యు" సరిపోతుందా, లేక కింద గిన్నె గుర్తు ఉందని ఏరి పెట్టారా?

పాళీ పుట: నేను రెండోదే అనుకుంటాను. ఏరి పెట్టిన అక్షరమైతే దాని శబ్దం మీద ఎక్కువ బరువు వేయలేం. అప్పుడు ఉ, ఓ రెండూ నిలబడతాయి.

తెనాలి మాస్టారు: "ఓ" ఒప్పుకోను. ఓకారానికి వేరే అక్షరాలు ఎన్ని లేవు! రేపు నా దగ్గరున్న పాత నోటుపుస్తకం తీసి రాస్తాను. బొమ్మా, ఆ దద్దోజనంలో ఆవాలు వేస్తారా, మిరియాలా?

కొండపల్లి బొమ్మ: గుడికైతే మిరియాలేనండి.