కొటేషన్ మెయిల్‌లో రేటుతో పాటు షరతులు కూడా రాయాలా?

నమస్కారమండీ. జీడిమెట్లలో మాది స్టీల్ ట్యాంకులు చేసే చిన్న యూనిట్. ఒక ఫార్మా కంపెనీకి కొటేషన్ పంపాలి. మెయిల్ మొదట్లోనే ఇలా రాశాను: "2 ట్యాంకులకు రూ. 9,20,000, డెలివరీ మా ఫ్యాక్టరీ దగ్గర. 18% జీఎస్టీ, రవాణా అదనం. ఈ రేటు మార్చి 20 వరకే." "15 రోజులు" అని రాస్తే ఏ రోజు నుంచి అన్న పేచీ వస్తుంది, షీట్ రేటేమో ఆగదు. అందుకే తేదీ వేశాను.

నా సందేహమల్లా మిగతా వాటి గురించే. క్రేన్, పునాది కొనేవాళ్లవే అనుకుని రేటు కట్టాం. ఆ షరతులు మెయిల్‌కి జత చేసిన పీడీఎఫ్ చివరి పేజీలో ఉన్నాయి. చాలామంది మెయిల్ ఒక్కటే చూసి ఆర్డర్ ఇస్తారు, తీరా లారీ సైట్‌కి చేరాక క్రేన్ ఎవరు పెట్టాలని గొడవ. ఈ రెండూ రేటు కిందే రాస్తే మీకు నయమా, లేక ఖర్చు దాచి చూపినట్టు అనిపిస్తుందా? పర్చేజ్‌లో పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి.