పాత కలర్ సార్టర్ అమ్మాక షెడ్యూల్‌లో 13 లక్షలు తేడా, ఎక్కడ వెతకాలి?

మిల్లు_లెక్కలు (మిర్యాలగూడ)
అందరికీ నమస్తే. మాది ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లు. నేను చేరింది ఈమధ్యే. ముందున్న అకౌంటెంట్ 2024-25కి వేసిన ఆస్తుల షెడ్యూల్ రిజిస్టర్‌తో కలవడం లేదు.

ప్లాంట్ అండ్ మెషినరీ వరుస ఇలా ఉంది: ఓపెనింగ్ ఖరీదు 1,80,00,000, కొత్తగా కొన్న సార్టర్ 30,00,000, తీసేసింది 11,00,000, క్లోజింగ్ 1,99,00,000. మిల్లులో ఇప్పుడున్న మెషిన్ల ఖరీదు రిజిస్టర్‌లో కూడితే 1,86,00,000 వస్తోంది. సరిగ్గా 13 లక్షలు తేడా. డిప్రిసియేషన్ పోగా మిగిలిన నెట్ విలువ దగ్గర మాత్రం తేడా 7,68,000. రెండు చోట్లా రెండు రకాలుగా ఎందుకు వస్తోందో అంతుపట్టడం లేదు.

పాత సార్టర్ వివరాలు: 1-4-2021న 24,00,000కి కొన్నారు, 30-9-2024న 11,00,000కి అమ్మారు. స్ట్రెయిట్ లైన్, 15 ఏళ్లు, చివరికి 5 శాతం మిగిలేలా.

గడియారం_సెంటర్ (నల్లగొండ)
తమ్మీ, షెడ్యూల్ కరెక్టే, రిజిస్టరే చూసుకో. మెషిన్ అమ్మితే వచ్చిన డబ్బే బ్లాక్‌లోంచి తగ్గించాలి, అంటే 11 లక్షలే. అమ్మిన ఏడాది దాని మీద విడిగా డిప్రిసియేషన్ కూడా ఉండదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసేవాళ్లం మేం అందరం అట్లనే చేస్తాం.

పాలమూరు_డీసీఎం (మహబూబ్‌నగర్)
నాకూ ఇదే సమస్య అన్నా. నా దగ్గర ఒక్కటే డీసీఎం ఉండె, కిరాయికి తిప్పేవాడిని. మొన్న అమ్మేసిన. నష్టం వచ్చింది. మరి 15 శాతం వేయాలా, 30 శాతం వేయాలా?

సూర్యాపేట_ఆడిట్
మిల్లు_లెక్కలు గారూ, మీ రెండు తేడాలే జవాబు చెప్తున్నాయి.

13 లక్షలు అంటే 24 లక్షల ఖరీదులోంచి 11 లక్షల అమ్మకం ధర పోగా మిగిలింది. షెడ్యూల్‌లో తీసేసిన కాలమ్ ఖరీదు వరుసలో ఉంది కాబట్టి అక్కడ ఖరీదే తీయాలి. అమ్మిన ధర తీస్తే, మెషిన్ గేటు దాటి వెళ్లినా దాని 13 లక్షలు కాగితం మీద మిగిలిపోతాయి.

ఇక రెండోది. ఏడాదికి డిప్రిసియేషన్ 24,00,000లో 95 శాతాన్ని 15తో భాగిస్తే 1,52,000. మూడేళ్లకు 4,56,000, అమ్మిన ఏడాదిలో సెప్టెంబర్ ఆఖరు దాకా ఆరు నెలలకు 76,000. మొత్తం 5,32,000. ఈ మొత్తం కూడా పోగుపడిన డిప్రిసియేషన్ వరుసలోంచి మెషిన్‌తో పాటే బయటికి పోవాలి. మీ ముందు అకౌంటెంట్ దాన్ని కదిలించలేదు. 13,00,000లోంచి 5,32,000 తీసేయండి, 7,68,000 వస్తుంది. మీ నెట్ తేడా అదే. అంటే అమ్మకం మీద నష్టం ఎక్కడా రాయలేదు.

సరిచేయాల్సింది ఇలా: ఖరీదులోంచి 24,00,000 తీయండి, పోగుపడిన డిప్రిసియేషన్‌లోంచి 5,32,000 తీయండి. పుస్తక విలువ 18,68,000, వచ్చింది 11,00,000. నష్టం 7,68,000 లాభనష్టాల ఖాతాకు పోతుంది. అప్పుడు క్లోజింగ్ ఖరీదు 1,86,00,000 అవుతుంది.

గడియారం గారు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది ట్యాక్స్ లెక్క. కంపెనీ పుస్తకాల్లో ప్రతి మెషిన్‌కీ వేరే లెక్క, అమ్మిన తేదీ వరకూ డిప్రిసియేషన్ వేయాల్సిందే. ట్యాక్స్‌లో ఒకే రేటున్నవన్నీ ఒకే కుప్ప, అందులోంచి అమ్మకం ధర తీస్తారు. ముందాయన ట్యాక్స్ అలవాటు పుస్తకాల షెడ్యూల్‌లోకి తెచ్చినట్టున్నారు.

గడియారం_సెంటర్
ఒప్పుకుంటా మేడం, కంపెనీ అన్న మాట నేను సరిగా చూడలేదు. కానీ ఇంత నష్టం చూపిస్తే బ్యాంకువాళ్లు అడగరా? మొదటి నుంచీ పుస్తకాల్లో కూడా డబ్ల్యూడీవీ పెట్టుకుని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

డీసీఎం తమ్ముడూ, కిరాయికి తిప్పిన బండి అయితే 30 శాతం, సొంత సరుకుకి వాడితే 15. కానీ ఉన్న ఒక్క బండీ అమ్మేసినవు కదా. ఆ రేటులో ఇంకో బండి లేకపోతే బ్లాక్ ఖాళీ అయినట్టే, ఈ ఏడాది డిప్రిసియేషనే లేదు. మిగిలింది స్వల్పకాలిక మూలధన నష్టం కింద పోతుంది.

సూర్యాపేట_ఆడిట్
డబ్ల్యూడీవీ అయితే 15 ఏళ్లకు 5 శాతం మిగలాలంటే రేటు 18.10. అదే సార్టర్ మూడేళ్లకు 13,18,448కి దిగేది, ఆరు నెలలు కూడా పోతే దాదాపు 11,99,000. అమ్మకం నష్టం లక్ష లోపే. అయితే ముందు ఏళ్లలో ఖర్చు అంత ఎక్కువ పడేది. ఏ పద్ధతిలో చూసినా ఆ మెషిన్ మిల్లుకు తిన్నది 13 లక్షలే.

నష్టం ఇంత వచ్చిందంటే నేనైతే పద్ధతి కన్నా ముందు ఆయుష్షును అనుమానిస్తాను. సార్టర్లలో కెమెరాలు, ఎలక్ట్రానిక్స్ త్వరగా పాతబడతాయి, మీరు మూడున్నరేళ్లకే మార్చారు. కొత్త 30 లక్షల దానికి కూడా గుడ్డిగా 15 ఏళ్లు రాయకుండా మిల్లు ఇంజనీరును అడగండి. తక్కువ ఆయుష్షు పెట్టుకోవచ్చు, కారణం నోట్‌లో రాస్తే చాలు.

ట్యాక్స్ లెక్కలో ఆ 7,68,000 నష్టాన్నీ పుస్తకాల డిప్రిసియేషన్‌నూ ఆదాయానికి తిరిగి కలిపి, ట్యాక్స్ డిప్రిసియేషన్ విడిగా తీయాలి. కొత్తది ఏ రోజు నడిపారు?

మిల్లు_లెక్కలు
అక్టోబర్ 15న నడిపాం మేడం, బిల్లు మాత్రం సెప్టెంబర్‌ది. 15 శాతం బ్లాక్ ఓపెనింగ్ 70,00,000.

గడియారం_సెంటర్
ఇది నేను చెప్తా. బిల్లు తేదీ కాదు, వాడకం మొదలైన తేదీ చూడాలి. మార్చి 31 దాకా 168 రోజులే, 180కి తక్కువ, అందుకే కొత్తదానికి సగం రేటు. 70లోంచి 11 తీస్తే 59 లక్షలకు 15 శాతం 8,85,000. 30 లక్షలకు ఏడున్నర శాతం 2,25,000. మొత్తం 11,10,000.

ఎక్సెల్_పిచ్చి (దేవరకొండ)
ఒక మాట చెప్పి పోతా. అమ్మిన మెషిన్ వరుసను రిజిస్టర్‌లోంచి డిలీట్ చేయకండి. చేస్తే వచ్చే ఏడాది ఓపెనింగ్ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అమ్మిన తేదీకి ఒక కాలమ్ పెట్టండి. నాకు B క్లాస్, F ఖరీదు, H అమ్మిన తేదీ. షెడ్యూల్‌లో తీసేసిన ఖరీదు తనంతట తానే వస్తుంది:

```
=SUMIFS(Reg!F:F,Reg!B:B,"Plant",Reg!H:H,">="&DATE(2024,4,1),Reg!H:H,"<="&DATE(2025,3,31))
```

H ఖాళీగా ఉన్నవి ఇందులోకి రావు. క్లాస్ పేరు ఒకచోట Plant, ఇంకోచోట Plant & M/c అని ఉంటే మాత్రం లెక్క తప్పుతుంది. మా దగ్గర జరిగే తప్పుల్లో సగం అవే.

మిల్లు_లెక్కలు
సరిచేశా, ఖరీదు, నెట్ రెండూ కలిశాయి. ఇంకో చిక్కు. రిజిస్టర్‌లో "మిల్లు మెషినరీ సెట్" అని ఒకే వరుసలో 1,10,00,000 ఉంది. అందులోని పాత ఎలివేటర్ ఒకటి తీసి తుక్కుకి అమ్మారు. దాని ఖరీదు ఎక్కడా లేదు.

సూర్యాపేట_ఆడిట్
సెట్ కొన్నప్పటి కొటేషన్ దొరికితే అందులో ఎలివేటర్ ధర ఉంటుంది. లేకపోతే కొత్త ఎలివేటర్ ధరను ఆధారంగా తీసుకుని అప్పట్లో ఎంత ఉండేదో అంచనా కట్టి తీయాలి.

గడియారం_సెంటర్
తుక్కు డబ్బులకు అంత తంటా ఎందుకు మేడం? ఇతర ఆదాయంలో వేసేస్తే పోతుంది.

సూర్యాపేట_ఆడిట్
కొత్త ఎలివేటర్ ఖరీదును కూడా ఆస్తుల్లోనే కలిపితే ఒకే పనికి రెండు ఎలివేటర్లు రిజిస్టర్‌లో ఉంటాయి. మొత్తం చిన్నదైతే మీ ఆడిటర్ వదిలేయొచ్చు, అది ఆయన ఇష్టం. నేనైతే వదలను.

మిల్లు_లెక్కలు
కొటేషన్ ఫైల్ సేటు ఇంట్లో ఉందంటున్నారు. రేపు అడుగుతా.